తెలుగులో రాసుకున్న పర్సనల్ స్టేట్‌మెంట్ పేరా ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఏం మారిపోతుంది?

బ్రిటన్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీటుకి దరఖాస్తులు యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళ్తాయి. 2026 ప్రవేశాల నుంచి ఆ దరఖాస్తులో పర్సనల్ స్టేట్‌మెంట్ రూపం మారింది. అంతకుముందు ఒకటే పెద్ద వ్యాసం రాసేవారు. ఇప్పుడు మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబులు రాయాలి. ఈ సబ్జెక్టే ఎందుకు చదవాలనుకుంటున్నావు, ఇప్పటిదాకా చదివిన చదువు దానికి నిన్నెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది అనేవి ఆ ప్రశ్నలు. మూడూ కలిపి ఖాళీలతో సహా 4,000 క్యారెక్టర్లు దాటకూడదు. ఒక్కో జవాబు కనీసం 350 క్యారెక్టర్లు ఉండాలి.

విశాఖపట్నంలో ఇంటర్ చదివే పిల్లలను ఎక్కువగా తికమక పెడుతున్నది మూడో ప్రశ్న. మొదటి రెండింటికీ సబ్జెక్టు పేర్లు, ప్రాజెక్టులు, చదివిన అధ్యాయాలు ఆసరాగా ఉంటాయి. మూడోదానికి ఇల్లు, వీధి, సెలవులు తప్ప ఆధారం లేదు. అవన్నీ తెలుగులో జరిగినవి. వాటిని నేరుగా ఇంగ్లిష్‌లో రాయబోతే ఎక్కడో చదివిన వాక్యాలు ముందుకొస్తాయి. తెలుగులో రాసుకుని తర్జుమా చేస్తే విషయం మనదే అవుతుంది కానీ, దారిలో కొన్ని నిజాలు తెలియకుండానే పెద్దవైపోతాయి. అది ఎక్కడెక్కడ, ఎందుకు జరుగుతుందో ఒక్క పేరాను పట్టుకుని చూద్దాం. ఉదాహరణ కోసం కల్పించుకున్న విద్యార్థిని ఒకరున్నారు. వాళ్లమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. అమ్మాయి ఫుడ్ సైన్స్ డిగ్రీకి దరఖాస్తు చేస్తోంది.

మొదటి చిత్తు ఎందుకు చప్పగా ఉంటుంది

ఆమె తెలుగులో మొదట రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"చిన్నప్పటి నుంచి నాకు ఆహార శాస్త్రమంటే ఎంతో ఆసక్తి. మాది చేపల వ్యాపారం చేసే కుటుంబం కావడంతో ఎన్నో కష్టాలు దగ్గరగా చూశాను. ఆ అనుభవాలే నన్ను ఈ రంగం వైపు నడిపించాయి."

ఇందులో అబద్ధం లేదు. అయినా ఈ మూడు వాక్యాలూ ఏ ఊరి అమ్మాయి రాసినా ఇలాగే ఉంటాయి. ఇది బడిలో వ్యాసరచన పోటీకి నేర్చుకున్న తెలుగు. దీన్ని ఎంత బాగా తర్జుమా చేసినా ఇంగ్లిష్‌లో అరిగిపోయిన మాటలే వస్తాయి, ఎందుకంటే మూలంలోనే అమ్మాయి కనిపించదు. అరువు వాక్యాల సంగతి యూకాస్‌కు కొత్త కాదు. 2007లో స్టేట్‌మెంట్లను పోల్చి చూసినప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్‌తో ఆడుకుంటూ పైజామాకు చిల్లు పడేలా కాల్చుకున్నామని 234 మంది రాసినట్టు తేలింది. ఇప్పుడు ప్రతి స్టేట్‌మెంటునూ పాత వాటితో పోల్చే సాఫ్ట్‌వేర్ ఉంది. పోలిక ఎక్కువగా ఉంటే ఆ సంగతి యూనివర్సిటీలకు తెలుస్తుంది.

చిత్తు బాగుపడాలంటే రాయడం ఆపి చెప్పించాలి. ఇంట్లో ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తే చాలు. హార్బర్‌కి ఎప్పుడు వెళ్లావు, ఎన్ని రోజులు? అక్కడ నీ చేతులతో ఏం చేశావు? ఏం చూశావు? అందులో నువ్వు చూసిందేది, అమ్మ చెప్పిందేది? నీకు అంతుపట్టనిది ఏమైనా ఉందా? ఈ జవాబులను మాట్లాడినట్టే కాగితం మీద పెడితే రెండో చిత్తు ఇలా వస్తుంది:

"మా అమ్మ హార్బర్‌లో చేపలు కొని ఇంటింటికీ అమ్ముతుంది. ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవుల్లో ఏడు రోజులు పొద్దున్నే అమ్మతో వెళ్లాను. పెట్టెల్లో ఐసూ చేపలూ వరసలుగా పేర్చేవాళ్లం. మాకు రెండు పెట్టెలు. ఒకదానికి అడుగున కన్నం ఉంది, రెండోదానికి లేదు. కన్నం లేని పెట్టెలో అడుగు వరస కనగుర్తలకి మధ్యాహ్నానికల్లా కడుపు మెత్తబడిపోయేది. నీళ్లు నిలిస్తే చేప పాడైపోతుందట. నాలుగో రోజు నుంచి రెండు పెట్టెల్లో కడుపు పగిలిన చేపలు ఎన్నో లెక్కపెట్టి రాసుకున్నాను. కన్నం లేనిదాంట్లోనే ఎక్కువ ఉన్నాయి. కానీ ఆ పెట్టె ఎండలో కూడా ఉండేది. నీళ్ల వల్లనా, వేడి వల్లనా అన్నది నాకు తెలియలేదు. అదెలా తేల్చాలో నేర్చుకోవాలని ఉంది."

మొదటిదానికీ దీనికీ తేడా అలంకారాల్లో లేదు. ఇందులో ఒక లెక్క ఉంది, ఒక కన్నం ఉంది, తేలని ప్రశ్న ఒకటుంది. ఇక తర్జుమా మొదలుపెట్టవచ్చు. చిక్కులు కూడా ఇక్కడే మొదలవుతాయి.

"పేర్చేవాళ్లం" అంటే ఎవరు?

తెలుగు క్రియ చివర్లోనే కర్త ఉంటుంది. "పేర్చేవాళ్లం" అనగానే ఇద్దరు ముగ్గురు కలిసి చేశారని అర్థమవుతుంది, ఎవరు ఎంత చేశారో చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ వాక్యం మాత్రం కర్త లేకుండా నిలబడదు. అక్కడ తర్జుమా చేసేవారు ఏదో ఒకటి ఎంచుకోవాలి. పర్సనల్ స్టేట్‌మెంట్ కాబట్టి 'ఐ' అని పెట్టేస్తారు. అమ్మ చేసిన పని అమ్మాయి ఖాతాలో పడుతుంది.

'వీ' అని పెట్టినా సగమే తీరుతుంది. తెలుగులో మేము వేరు, మనము వేరు. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒకటే మాట, అది ఇద్దరో ఇరవైమందో కూడా చెప్పదు. అందుకే ఇలాంటి చోట మళ్లీ అమ్మాయినే అడగాలి. పెట్టెలు సర్దింది ఎవరు? సర్దింది అమ్మ, ఐసు దిమ్మ పగలగొట్టి అందించింది తను. అప్పుడు వాక్యం తేలిపోతుంది: 'ఫర్ సెవెన్ మార్నింగ్స్ ఐ వెంట్ విత్ హర్, క్రషింగ్ ఐస్ వైల్ షి ప్యాక్డ్.' ఐసు పగలగొట్టడం చిన్న పనిలా కనిపిస్తుందేమోనన్న భయం ఉంటుంది. చదివేవాళ్లకు మాత్రం పక్కన నిలబడి పని చేసిన మనిషి అందులోనే కనిపిస్తుంది.

"చేసేదాన్ని", "వెళ్లేదాన్ని" లాంటి క్రియలతోనూ ఇదే ఇబ్బంది. తెలుగులో ఆ రూపం వారం రోజుల అలవాటుకీ సరిపోతుంది, పదేళ్ల అలవాటుకీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో 'యూజ్డ్ టు' అని రాస్తే చాలాకాలం సాగిన పని అనే అనుకుంటారు. అందువల్ల అలవాటు చెప్పే ప్రతి క్రియ పక్కనా ఎన్నాళ్లన్నది రాయాలి. పై పేరాలో "ఏడు రోజులు" అన్నది అందుకే ముఖ్యం. రోజులు తక్కువని దాన్ని "వేసవి సెలవులన్నీ" అని సాగదీస్తే ఇంకో ప్రమాదముంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. మే నెలలో రోజూ హార్బర్‌లో బోట్లు తెచ్చిన చేపలు సర్దానని రాస్తే, తీరం సంగతి తెలిసిన ఎవరికైనా తప్పు ఇట్టే దొరికిపోతుంది.

ఒక్క "ట" రాలిపోతే

"నీళ్లు నిలిస్తే చేప పాడైపోతుందట." ఈ వాక్యంలో బరువంతా చివరి అక్షరంలో ఉంది. ఇది విన్నమాట, నేను తేల్చిన మాట కాదు అని ఆ "ట" చెబుతోంది. ఇంగ్లిష్ క్రియకు అలాంటి తోక లేదు. 'స్టాండింగ్ వాటర్ స్పాయిల్స్ ఫిష్' అని తర్జుమా చేస్తే పదాలన్నీ దిగాయి, కానీ విన్నది కాస్తా తెలిసిన సత్యమైపోయింది. సైన్స్ కోర్సుకి దరఖాస్తు చేసేవారు ఎదుటివారి మాటకూ తమ పరిశీలనకూ మధ్య గీత చెరిపేస్తే అది చిన్న పొరపాటు కాదు. దీనికి మందు సులువైనదే. "ట" ఉన్న చోటల్లా చెప్పిన మనిషిని వాక్యంలోకి తేవాలి: 'మై మదర్ సేస్ స్టాండింగ్ వాటర్ స్పాయిల్స్ ఫిష్.' తెలుగులో కనిపించని అమ్మ ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. పేరాకు గొంతు కూడా వస్తుంది.

"నాకు తెలియలేదు", "నాకు అనిపించింది", "నాకు అర్థమైంది" అన్న వాక్యాలనూ ఇలాగే చూసుకోవాలి. వీటిలో తెలివి మన దగ్గరకు వచ్చినట్టు ఉంటుంది, మనం వేటాడి పట్టుకున్నట్టు కాదు. ఇంగ్లిష్‌లో మనిషిని కర్తగా నిలబెట్టాల్సి రావడంతో "అర్థమైంది" అన్నది 'డిస్కవర్డ్' అవుతుంది, "అనిపించింది" అన్నది 'ప్రూవ్డ్' దాకా కూడా వెళ్తుంది. ఇంగ్లిష్ క్రియల్లో మెట్లున్నాయి. 'నోటీస్డ్' అంటే కంటపడింది. 'కౌంటెడ్' అంటే లెక్కపెట్టింది. 'కంపేర్డ్' అంటే పోల్చింది. 'టెస్టెడ్' అనాలంటే ఒక్క విషయాన్ని మార్చి మిగతావన్నీ సమానంగా ఉంచి చూడాలి. మన అమ్మాయి లెక్కపెట్టింది, పోల్చింది. పరీక్ష పెట్టలేదు, ఎందుకంటే ఒక పెట్టె నీడలో, రెండోది ఎండలో ఉన్నాయి. ఆమె నిలబడదగిన మెట్టు 'కౌంటెడ్', మహా అయితే 'కంపేర్డ్'.

ఈ నిజాయితీ ఎంత విలువైందో చేపల శాస్త్రం తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కనగుర్తలు, కవ్వళ్ల వంటి చేపలు చచ్చిన తర్వాత వాటి పేగుల్లోని జీర్ణరసాలే లోపలి నుంచి కడుపు గోడను తినేస్తాయి. తిండి తిన్న వెంటనే పట్టుబడిన చేపలో అది ఎక్కువ, వేడి పెరిగితే ఇంకా వేగం. కరిగిన ఐసు నీళ్లు నెత్తురునీ జిగురునీ సూక్ష్మజీవులనీ అడుక్కి మోసుకొస్తాయి కాబట్టి పెట్టెకు కన్నం ఉండటం మంచిదే. కానీ కడుపు పగలడానికి వేడి కూడా గట్టి కారణమే కావచ్చు. "కన్నం వల్లే చేప నిలుస్తుందని నిరూపించాను" అని రాసిన దరఖాస్తును ఫుడ్ సైన్స్ ఆచార్యుడు చదివితే, మరి ఎండ సంగతేమిటని మొదటి ప్రశ్నే అదవుతుంది. "నీళ్ల వల్లనా, వేడి వల్లనా తెలియలేదు" అని రాసిన అమ్మాయి ఆ ప్రశ్నను ముందే తనకు తాను వేసుకుంది. నా ఉద్దేశంలో పేరా మొత్తంలో బలమైన వాక్యం ఇదే. తర్జుమాలో మొదట కొట్టేసేదీ ఇదే, తెలియదని చెప్పుకోవడం బలహీనత అనుకుంటారు కనుక. దాన్ని ఉన్నదున్నట్టు దించవచ్చు: 'ఐ కుడ్ నాట్ టెల్ వెదర్ ఇట్ వజ్ ద వాటర్ ఆర్ ద హీట్.'

ఊరి మాటలు ఎన్ని ఉంచాలి

పేరాకు ఒకటి చాలు, అదీ అవసరమైతేనే. "దసరా" అలాగే ఉంచవచ్చు, పక్కన సెలవులన్న మాట ఉంది కాబట్టి అర్థమైపోతుంది. "కనగుర్త" దగ్గర మాత్రం ఆలోచించాలి. చదివేవారికి తెలిసిన పేరు 'మ్యాకరెల్', పేరాలో అదే మేలు. అయితే ఆ చేపకు శాస్త్రీయనామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. స్కాట్లాండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపల వివరాలను 1803లో ప్రచురించాడు. అక్కడ నమోదైన తెలుగు పేరే శాస్త్రంలోకి ఎక్కింది. రెండో ప్రశ్న జవాబులో చేపల వర్గీకరణ గురించి రాయాల్సి వస్తే ఆ సంగతి అక్కడ పనికొస్తుంది. మూడో ప్రశ్న పేరాలో ఇరికిస్తే చూసి రాసినట్టు తేలిపోతుంది, ఎందుకంటే ఐసు పగలగొడుతున్న పొద్దుట ఆ అమ్మాయికి అది తట్టి ఉండదు.

క్యారెక్టర్ల లెక్క

తెలుగు చిత్తు పొడవును చూసి ఇంగ్లిష్ పొడవును అంచనా వేయకూడదు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్ మాత్రం హల్లులు, పొల్లులు, గుడిదీర్ఘం విడివిడిగా లెక్కవేసి దాన్ని ఆరు అంటుంది. కాబట్టి తెలుగులో లెక్క మానేసి ఇంగ్లిష్ చిత్తునే కొలవాలి. పై పేరాను పొదుపైన ఇంగ్లిష్‌లోకి దించితే దాదాపు 630 క్యారెక్టర్లు వస్తాయి. మూడు జవాబులకూ 4,000ని సమంగా పంచుకుంటే ఒక్కోదానికి 1,300 పైచిలుకు. అంటే మూడో జవాబులో సగం ఈ పేరాతో నిండుతుంది. మిగతా సగంలో ఈ పని కోర్సుకు ఎందుకు పనికొస్తుందో రాయాలి, ప్రశ్న రెండో భాగం అదే అడుగుతోంది.

చోటు చాలకపోతే ముందు తీసేయాల్సినవి విశేషణాలు. అంకెలు కాదు. "దిగి, కొని, సర్ది, మోసి, అమ్మి" అని తెలుగులో ఒకే ఊపులో సాగే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రెండు మూడు ముక్కలు చేయాలి, లేకపోతే చివరికి వచ్చేసరికి కర్త ఎవరో పోతుంది. చిన్న వాక్యాలు చిన్నపిల్లల రాతలా ఉంటాయని కొందరు వాటిని మళ్లీ అతుకుతారు. అలా అతికినప్పుడే "దీనివల్ల", "అందుకే" అన్న అర్థమిచ్చే మాటలు దూరి, పక్కపక్కన జరిగిన రెండు సంగతులు కారణమూ ఫలితమూ అయిపోతాయి.

నేరుగా ఇంగ్లిష్‌లోనే రాయకూడదా?

రాయవచ్చు, రాయమనే ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వాళ్ల వాదనలో బలముంది. మూడు నాలుగేళ్లు ఇంగ్లిష్‌లో చదవబోయే విద్యార్థి ఇంగ్లిష్‌లో ఆలోచించడం ఇప్పుడే మొదలుపెట్టాలి, తర్జుమా చేసిన వాక్యానికి ఎప్పుడూ కాస్త కుంటినడక ఉంటుంది అంటారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, స్నేహితులతో సగం ఇంగ్లిష్‌లో మాట్లాడే పిల్లలకు తెలుగు చిత్తు అదనపు బరువే కావచ్చు. తెలుగు చిత్తు కావాలనేవారు చెప్పేది వేరు. హార్బర్ జ్ఞాపకం తెలుగులో ఉంది, దాన్ని ఇంగ్లిష్‌లో తవ్వితే వివరాలు రావు, వచ్చేవి పుస్తకాల మాటలే అంటారు. రెండింటికీ మధ్య ఒక పద్ధతి ఉంది. మొదటి రెండు ప్రశ్నలకు నేరుగా ఇంగ్లిష్, మూడోదానికి తెలుగు చిత్తు. జరిగిన భాషలోనే గుర్తుచేసుకోవడం దీని సూత్రం.

ఎవరు తర్జుమా చేయాలన్న ప్రశ్న ఇంతకన్నా పెద్దది. స్టేట్‌మెంట్ దరఖాస్తుదారు సొంత రాతగా ఉండాలన్నది యూకాస్ నియమం. అన్నయ్యో కన్సల్టెన్సీ వాళ్లో మొత్తం తర్జుమా చేసి ఇస్తే, విషయం అమ్మాయిదే అయినా వాక్యాలు ఆమెవి కావు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా ఉన్న పిల్లలకు ఇది అన్యాయం కాదా అని అడిగేవారున్నారు, ఆ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. కానీ ఆ కోర్సులకు విడిగా ఇంగ్లిష్ పరీక్ష స్కోరూ అడుగుతారు. స్కోరు ఒక రకంగా, స్టేట్‌మెంట్ ఇంకో రకంగా ఉంటే అనుమానం పడేది అమ్మాయి మీదే. సాయం చేసేవారు తప్పు ఉన్న చోట గీత గీసి, ఇక్కడ నువ్వేం చెప్పాలనుకున్నావని అడగవచ్చు. దిద్దిన వాక్యం రాయాల్సింది ఆమె. ఆమె చెప్పని సంగతి ఒక్కటి చేరినా అది గీత దాటడమే.

మళ్లీ తెలుగులో చెప్పించి చూడటం

తర్జుమా నిజం తప్పిందో లేదో తేల్చడానికి నమ్మదగ్గ పరీక్ష ఒకటుంది. తెలుగు చిత్తు చూడని మనిషికి ఇంగ్లిష్ పేరా ఇచ్చి, చదివి పక్కన పెట్టేసి తెలుగులో చెప్పమనాలి. అమ్మాయి పక్కనే కూర్చుని వినాలి.

ముందు ఒక చెడ్డ తర్జుమాను ఈ పరీక్షకు పెడదాం: 'వైల్ మేనేజింగ్ అవర్ ఫ్యామిలీ సీఫుడ్ బిజినెస్, ఐ కండక్టెడ్ యాన్ ఎక్స్‌పెరిమెంట్ దట్ ప్రూవ్డ్ డ్రైనేజ్ ప్రివెంట్స్ స్పాయిలేజ్.' వ్యాకరణ దోషం లేదు. చదివిన మనిషి తెలుగులో ఇలా చెబుతారు: "వాళ్లకేదో సీఫుడ్ కంపెనీ ఉందట, ఆ అమ్మాయే చూసుకుంటుందట. అక్కడ డ్రైనేజీ మీద ప్రయోగం చేసి నిరూపించిందట." వింటున్న అమ్మాయికి వెంటనే తెలిసిపోతుంది. అమ్మ మాయమైంది, ఇంటింటి అమ్మకం కంపెనీ అయింది, పెట్టె అడుగు కన్నం డ్రైనేజీ అయింది, ఎండ ఊసే లేదు.

అదే పొదుపైన తర్జుమా ఇస్తే వచ్చే మాట ఇలా ఉంటుంది: "వాళ్లమ్మ చేపలమ్ముతుంది. ఈ పిల్ల సెలవుల్లో ఓ వారం వెళ్లి ఐసు కొట్టింది. కన్నం లేని పెట్టెలో చేపలు ఎక్కువ పాడయ్యాయని లెక్కపెట్టింది కానీ, అది ఎండలో ఉండేది కాబట్టి ఎందుకో చెప్పలేనంటోంది." మాటలు వేరైనా మనిషి అదే. వినేటప్పుడు ఎవరు చేశారు, ఎంత చేశారు, ఎవరు చెప్పారు, ఏది తెలియదు అన్న నాలుగూ చిత్తుతో సరిపోయాయో లేదో చూసుకుంటే చాలు. ఒక్కటి తప్పినా ఇంగ్లిష్ వాక్యంలో ఆ చోటికే వెళ్లి దిద్దాలి, పేరా మొత్తం తిరగరాయక్కర్లేదు.

పరీక్ష నెగ్గిన పేరాను వాళ్లమ్మకు కూడా తెలుగులో వినిపించాలి. తన పని గురించి రాసిన మాటలు ఆమెకు సమ్మతమో కాదో అడగాలి, రోజుల లెక్కో పెట్టెల సంగతో తప్పుంటే ఆమే చెబుతుంది. చేపల లెక్క రాసుకున్న కాగితాన్నీ తెలుగు చిత్తునూ పారేయకూడదు. కొన్ని కోర్సులకు ఇంటర్వ్యూ ఉంటుంది, అక్కడ అడిగేది ఆ లెక్క గురించే కావచ్చు. మూడో పెట్టె ఉంటే దాన్ని ఎక్కడ పెట్టేదానివి అని అడిగితే, జవాబు చెప్పడానికి ఆమెకు కావలసినవన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి.